పట్టికలో ఒక్క మాట

రైతులు కంపెనీకి పత్తి విత్తనం పండించిచ్చే ఒప్పందాన్ని తెలుగు చేసేముందు గద్వాల వకీలు రాఘవేందర్ పదాల పట్టిక రాసుకున్నడు. ఒక ఇంగ్లీషు మాటకు ఒకే తెలుగు మాట, ఒప్పందం పొడుగునా అదే. 'ఇండెమ్నిటీ'కి ఎదురుగా 'కంపెనీకొచ్చే నష్టాన్ని రైతు భరించే పూచీ' అని పెట్టిండు.

మల్దకల్ రైతు ఈరమ్మకు చదివి వినిపిస్తే కన్నెర్ర జేసింది. "విత్తనం మొలవక కంపెనీకి నష్టమొస్తే గది గూడ నేనే మొయ్యాల్నా? వేలిముద్ర ఎయ్య."

కంపెనీ మేనేజర్ ఆ మాట కొట్టేసి 'క్షతిపూర్తి' అని రాయమన్నడు. "నిఘంటువుల ఉన్నదే కద!"

క్షతి అన్నా నష్టమేనని, ఆ మాట ఈరమ్మకు తెల్వదని రాఘవేందర్‌కు తెలుసు. పట్టిక మారింది, దాంతో ఒప్పందమంతా మారింది. ఈరమ్మకు మళ్ల చదివిండు.

"గా నష్టం మాట తీసేసిండ్రు గద, ఇప్పుడు ఏస్త సారూ," అన్నది ఈరమ్మ.

ఇంకు ప్యాడు రాఘవేందరే ఆమె ముందుకు జరిపిండు.