మేడమ్ వద్దు, ట్రీనె చాలు

ఆదివారం పొద్దున గల్ఫ్‌లోని అమ్ఘరా గోదాములో పనివాళ్లందరి ఫోన్లకూ ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. 'హాయ్, నేను ట్రీనె. ఈ రోజు నుంచి మీ కొత్త మేనేజర్ని. మేడమ్, బాస్ అనకండి, ట్రీనె చాలు. నాకు తెలియాల్సిన సంగతి ఏమన్నా ఉంటే రెండు ముక్కలు రాయండి.' కంపెనీ డెన్మార్క్‌ది, సరుకు నీళ్ల పంపులు. అక్కడ డైరెక్టర్ని కూడా పేరు పెట్టే పిలుస్తారట. ఈ వింత విని గోదామంతా కాసేపు నవ్వుకుంది.

బాలకిషన్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆమెకు తెలియాల్సిన సంగతి అతని దగ్గరే ఉంది. గురువారం ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి తీస్తూ సరుకు పేర్చే నాలుగో ఇనుప రాక్ కాలికి గుద్దాడు. కాలు వంగింది. పైన మూడు టన్నుల పంపులు, కింద ముత్తన్న ప్యాకింగ్ బల్ల. అప్పుడే వెళ్లి సూపర్‌వైజర్ జిలానీ బాషాకు చెప్పాడు.

"జిలానీ సార్, రాక్ కాలు వంగింది. నేనే కొట్టిన."

"నోరు మూసుకో రా. కొత్తామె వస్తాంది. ఇప్పుడు చెప్తే నీకూ నాకూ ఖలాస్. వచ్చే నెల చెకింగ్‌లో చూసుకుందాం లే," అని జిలానీ ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి ఆ కాలికి అడ్డం పెట్టించాడు.

మూడు రోజులుగా బాలకిషన్‌కు తిండి సహించడం లేదు. రాక్ పడితే ముత్తన్న పోతాడు, చెప్తే తన పని పోతుంది. చివరికి ముత్తన్న వైపే మొగ్గాడు. కానీ మేనేజర్‌కు రాయడమంటే మాటలా? 'రెస్పెక్టెడ్ మేడమ్' అని మొదలుపెట్టి, వినయంగా మనవి చేసుకుని, ఆమె ఆరోగ్యం, ఆమె కుటుంబం చల్లగా ఉండాలని కోరి, తన పన్నెండేళ్ల సర్వీసు వివరించి, ఇరవయ్యో లైనులో రాక్ సంగతి పెట్టాడు. ఇంత మర్యాదగా తన పెళ్లిపత్రిక కూడా రాయించలేదు.

జవాబు వెంటనే వచ్చింది. 'హాయ్ బాలకిషన్! ఇంత మర్యాదగా రాశావేంటి, నా మీద కోపమా? మా దేశంలో కోపమొస్తేనే ఇలా రాస్తారు. ట్రీనె.'

ఇరవయ్యో లైను దాకా ఆమె పోలేదు. మర్యాద బరువుకే ఆగిపోయింది. అటు ముత్తన్న బల్ల దగ్గర కూర్చుని హాయిగా టేపు చుడుతున్నాడు. బాలకిషన్ కళ్లు మూసుకుని, వదినను పేరు పెట్టి పిలిచినంత సిగ్గుతో టైపు చేశాడు: 'హాయ్ ట్రీనె. నాలుగో రాక్ వంగింది. గురువారం నేనే గుద్దాను. కింద ముత్తన్న ఉన్నాడు. బాలకిషన్.'

పది నిమిషాల్లో ఆమె హెల్మెట్ పెట్టుకుని మేడ మీది ఆఫీసు నుంచి దిగింది. ముత్తన్నను లేపింది, ఆ వరుసలోకి ఎవరినీ రానివ్వకుండా టేపు కట్టించింది, రాక్ ఖాళీ చేయించింది. అట్టపెట్టెలు తీయించి కాలు చూసి, "జిలానీ, నీకు తెలుసా?" అని అడిగింది.

ఒట్టి జిలానీ. గోదాములో ఆ పేరు పక్కన సార్ లేకుండా ఎవరూ విని ఎరగరు. జిలానీ ముఖం నల్లబడింది. "తెలీదు మేడమ్," అన్నాడు.

బాలకిషన్ నేల చూశాడు. ట్రీనె అతని చెయ్యి పట్టుకుని ఊపి, "రాసి మంచి పని చేశావు," అని వెళ్లిపోయింది. ముత్తన్న బతికాడు. అది చాలనుకున్నాడు బాలకిషన్.

మధ్యాహ్నం మళ్లీ ఫోను మోగింది. 'హాయ్ బాలకిషన్. మూడు రోజులు దాచినందుకు వార్నింగ్ లెటర్ ఇచ్చి, నిన్ను ఫోర్క్‌లిఫ్ట్ దింపాలని ఆఫీసు అంటోంది. నువ్వు అప్పుడే ఎవరికైనా చెప్పి ఉంటే చెప్పు, లెటర్ ఉండదు. ట్రీనె.'

ఒక్క లైను చాలు. 'గురువారమే జిలానీ సార్‌కు చెప్పాను' అని కొట్టాడు. చదువుకున్నాడు. అంత గౌరవంగా సార్ అంటూనే చాడీ చెప్పడం అతనికే రోతగా తోచింది. సార్ తీసేశాడు. 'జిలానీకి చెప్పాను.' ఇప్పుడది నలుగురిలో కాలరు పట్టుకున్నట్టుంది. సార్ పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన మేనేజర్ని పేరు పెట్టి పిలవగలిగినవాడు, రోజూ పక్కనే తిరిగే కడప మనిషి జిలానీని పిలవలేకపోయాడు. తన మీద తనకే ఒళ్లు మండింది.

అప్పుడే జిలానీ వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏం రాస్తాండావు రా?"

"ఏం లేదు సార్."

లైనంతా చెరిపేసి, 'ఎవరికీ చెప్పలేదు, ట్రీనె' అని పంపించాడు.

జవాబు వెంటనే వచ్చింది. 'ఉన్నదున్నట్టు చెప్పినందుకు థాంక్స్, బాలకిషన్. మన దగ్గర ఇలాగే ఉండాలి.'