ఎండురొయ్యలకు ఎనభై మాటలు

సాయంత్రానికి న్యూస్‌లెటర్ వెళ్లిపోవాలి. ఎండురొయ్యలు అమ్మే గంగాదేవితో చేసిన నలభై నిమిషాల పాడ్‌కాస్ట్‌ను ఎనభై మాటల్లోకి తేవడం సింధూరి పని. చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ల కోసం నడిచే ఆ విజయవాడ ఆఫీసులో ఉన్నది ఇద్దరే. ప్రశ్నలు అడిగేది కిరీటి, రాసేది ఆమె.

ట్రాన్‌స్క్రిప్ట్ నుంచి సాఫ్ట్‌వేర్ మూడు ముఖ్యాంశాలు తీసి ఇచ్చింది. మొదటిది: "భర్త శివాజీ ఆలోచనతో గాలి చొరని ప్యాకింగ్ మొదలైంది."

సింధూరి దాన్ని పక్కన పెట్టి ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తం చదివింది. మొదట్లో గంగాదేవి "అంతా మా ఆయన చలవేనండి" అన్న మాట నిజమే. చివర్లో మాత్రం వేరే కథ ఉంది. "ఆయన చేపల వేటకెళ్లినప్పుడు ఆటోనగర్లో కవర్లకి సీలు వేసే పాత మిషన్ బాగుచేయించుకున్నా. రొయ్యల గంపతో ఎక్కితే బస్సంతా ముక్కు మూసుకునేదండి. కవర్లో బిగిస్తే మూసుకోరు కదా అనుకున్నా." సింధూరి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడియో కూడా విన్నది. అక్షరం తేడా లేదు.

"ఆవిడే ఆయన చలవ అన్నారుగా," అన్నాడు కిరీటి. "మనం మార్చి రాస్తే వాళ్లింట్లో గొడవవుతుందేమోనండి."

"పప్పు బాగుందంటే మా అమ్మ 'మీ నాన్న మంచి కందిపప్పు తెచ్చారు' అంటుంది. వండింది ఎవరో రాయొద్దా?" అంది సింధూరి.

"అయితే ఆవిణ్ణే అడగండి. ఒప్పుకోకపోతే సాఫ్ట్‌వేర్ ఇచ్చిందే పంపుదాం."

గంగాదేవికి ఫోన్ చేస్తే స్పీకర్లో రొయ్యలు జల్లిస్తున్న చప్పుడు వినిపించింది. సింధూరి తను రాసినదాంట్లో అసలు భాగం చదివింది.

"బస్సులో వాసన గొడవ తీరాలని గంగాదేవి సొంతంగా ప్యాకింగ్ మొదలుపెట్టారు. ఆమె చెప్పే మూడు మాటలు: రొయ్యలు గలగలలాడేలా ఎండాకే సీలు వేయండి, తడి ఉంటే బూజు పడుతుంది. ముందు చిన్న ప్యాకెట్లతో రుచి చూపించండి. ప్యాక్ చేసిన తేదీ రాయండి."

జల్లెడ ఆగింది. "ఎందుకమ్మా, మా ఆయన పేరే రాయి. ఊళ్లో అందరూ చూస్తారు."

"ఏదీ, నా పేరు ఎందుకంట?" వెనక నుంచి మగ గొంతు.

సింధూరి ఉన్న సంగతి చెప్పింది.

"నా ఆలోచనా?" అన్నాడు శివాజీ. "ఆ మిషన్ ఇంటికి తెస్తే, రొయ్యలకి చొక్కాలు కుడతావా అని నవ్వినోణ్ణండి నేను. అది కూడా రాయండి."

"ఊరుకోవయ్యా," అంది గంగాదేవి. జల్లెడ పక్కన పెట్టిన చప్పుడైంది. "సరేనమ్మా. నేనేనని రాయి. మళ్లీ ఒక్కసారి చదువు, మొదట్నించీ."

సింధూరి ఈసారి మెల్లగా చదివింది. కిరీటి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ముఖ్యాంశాల ప్రింటును మడిచి చెత్తబుట్టలో వేశాడు.

"మరి చొక్కాల మాట?" అడిగాడు శివాజీ.

"అది ఎపిసోడ్‌లో లేదండి. మేం రాయకూడదు."

"అయితే మీరు రాసింది మాకు పంపండి. మా బోట్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఆ మాట నేనే చెప్పుకుంటా."