ముప్పై ఏడు బస్తాల ఉత్తరం

పిడుగురాళ్లలో ఉద్యోగాలకు వెళ్లే కవర్ లెటర్లన్నీ ఒక్క తల్లి బిడ్డలే. ఆ తల్లి బస్టాండ్ దగ్గర విజయ్ కుమార్ నెట్ సెంటర్లో, అతని పాత కంప్యూటర్లో ఉంది. పేరు మారుతుంది, చిరునామా మారుతుంది, కింద సంతకం మారుతుంది. మిగతాదంతా చెక్కు చెదరదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఆ లెటరే ప్రత్యూష ముందుకొచ్చింది. విజయవాడలో ఒక కంపెనీ ఇంటర్నల్ ఆడిట్ ట్రైనీలను తీసుకుంటోంది. బీకాం పాసైన కొత్తవాళ్లు చాలు, రెజ్యూమెతో పాటు ఒక పేజీ కవర్ లెటర్ పంపాలి, సాయంత్రం అయిదింటితో గడువు ఆఖరు. ప్రత్యూషకి ఈ ఉద్యోగం కావాలి. ఊరికే కావాలనుకోవడం కాదు, మూడేళ్లుగా ఆడిటింగ్ పేపరు ఒక్కటే కథల పుస్తకంలా చదివిన పిల్ల అది.

"కష్టపడే స్వభావం, చురుకుదనం, మోసాలను కనిపెట్టడంలో నేర్పు," అని ఆ ఇంగ్లీషు ముక్కలకి అర్థం చెప్పుకుంటూ చదివి, ప్రత్యూష తలెత్తింది. "అన్నా, నేనెప్పుడు కనిపెట్టాను మోసాలు?"

"ఎవరు కనిపెట్టారమ్మా? ఆడిట్ అన్నాక ఆ ముక్క ఉండాల. అందరికీ అదే కొడతన్నా."

ప్రత్యూషకి ఒళ్లు మండింది. నేర్పు సంగతి దేవుడెరుగు, కిందటేడు ఇంటర్న్‌షిప్‌లో తను చేసిన నిర్వాకం గుర్తొచ్చింది.

డిగ్రీలో రెండు నెలలు ఎక్కడో ఒకచోట పని నేర్చుకోవాలి కదా. ప్రత్యూష మస్తాన్‌రావు గారి సున్నం మిల్లులో చేరింది. ఒకరోజు గోడౌన్లో బస్తాలు లెక్కపెట్టి రిజిస్టరుతో పోల్చి చూస్తే ముప్పై ఏడు తక్కువ. పుస్తకంలో చదివింది కళ్లెదుట కనిపించేసరికి పిల్ల కాళ్లు నేలకి ఆనలేదు. ఎవరినీ అడగలేదు. 'ముప్పై ఏడు బస్తాలు దొంగతనం జరిగినట్టుంది' అని కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టింది. గోడౌన్ బాధ్యత ముఠా మేస్త్రీ బాజీది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే బస్తాలు మోస్తూ, మోయిస్తూ ఉన్న మనిషి. మస్తాన్‌రావు గారు అంతెత్తున లేచి, సంజాయిషీ కూడా అడక్కుండా బాజీని రేపట్నుంచి రావద్దన్నారు. బాజీ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ప్రత్యూషకి ముద్ద దిగలేదు. తను లెక్కపెట్టింది నిజమే, కానీ తక్కువెందుకొచ్చిందో చూసిందా? మర్నాడు పొద్దున్నే పోయి లోడింగ్ దగ్గర నిలబడింది. లారీకి మూడొందల బస్తాలు ఎక్కాక కూలీలు ఇంకొకటి పైన వేశారు. అదేమని అడిగితే వింతగా చూశారు. "పగులు బస్తా." కాల్చిన సున్నం పొడికి దారిలో చెమ్మ తగిలితే ఉబ్బి బస్తా పిగులుతుంది, దానికి బదులుగా లారీకి ఒకటి ఊరికే వేస్తారు. మస్తాన్‌రావు గారి నాన్న పెట్టిన ఆనవాయితీ, ఇప్పుడు లోడింగ్ వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. గేట్ పాస్‌లో మాత్రం మూడొందలే రాస్తారు, రిజిస్టర్లో కూడా అంతే తగ్గిస్తారు. కిందటిసారి లెక్క తరవాత ఎన్ని లారీలు వెళ్లాయో పాసులు తిరగేస్తే ముప్పై అయిదు. మిగతా రెండు గోడౌన్లోనే, గోడవారన చిరిగి పడున్నాయి.

ప్రత్యూష మస్తాన్‌రావు గారి దగ్గరికి పోయి, నేను రాసింది తప్పండీ అని చెప్పింది. బాజీ తిరిగొచ్చాడు. గేట్ పాస్ మీద పగులు బస్తాకి వేరే గడి వచ్చింది.

"అన్నా, ఈ లెటర్ తీసెయ్యి. నేను చెప్పింది కొట్టు," అంది ప్రత్యూష. చెబుతుంటే విజయ్ కుమార్ వేళ్లు ఆగిపోయాయి.

"నీకేమన్నా పిచ్చా? తప్పు చేశానని ఉద్యోగానికి ఎవరన్నా రాసుకుంటారా?"

"నేను రాసుకుంటా. నాకున్న పని అనుభవం అదొక్కటే."

రాయడమైతే రాయించింది గాని పంపలేదు. పరాయి మిల్లు లోపలి సంగతి అడగకుండా బయటికి చెబితే ఇక ఆడిట్ ఏంటి? మిల్లు పేరు రాయలేదు, అయినా అడగాలి. మూడున్నరకి కాగితం పట్టుకుని ఆటో ఎక్కింది.

మస్తాన్‌రావు గారు కళ్లజోడు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివారు. ఆయన ముఖం ముడుచుకుంది.

"ఏందమ్మాయ్ ఇది? మా మిల్లు గుట్టంతా విజయవాడోళ్ల చేతిలో పెడతావా?"

"మిల్లు పేరు లేదండీ, మీ పేరూ లేదు. వాళ్లడిగినా మీరు ఒప్పుకుంటేనే చెబుతా. వద్దంటే ఇప్పుడే చించేస్తా."

"చించేస్తే ఏం పంపుతావు?"

"ఏమీ పంపను. నెట్ సెంటర్ లెటర్ మాత్రం పంపను."

ఆయన గోడ గడియారం వంక చూశారు. నాలుగు దాటింది. ఈ పిల్ల మొండిదని కిందటేడే తెలుసు ఆయనకి. "నాదేముందిలే. పడ్డవాడు బాజీ, వాణ్ణడుగు," అన్నారు.

బాజీ లోడింగ్ దగ్గర, ఒళ్లంతా తెల్లగా, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ప్రత్యూష ఇంగ్లీషులో ఉన్నదంతా తెలుగులో చదివి వినిపించింది. లెక్క తక్కువ రావడం, దొంగతనం అనుకోవడం, మర్నాడు అసలు సంగతి తెలియడం, గేట్ పాస్ మార్చడం. అతను తలవంచుకుని విన్నాడు.

"నన్ను పంపేసిన సంగతి ఏదీ?"

ప్రత్యూష కాగితం కిందికి దించింది. "రాయలేదు బాబాయ్. నీకు బాధగా ఉంటుందని."

"నాకా?" బాజీ ఆమె ముఖంలోకి చూశాడు. "కాగితంలో చూస్తే నువ్వేందో కూడిక తప్పినట్టుంది. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి ముట్టించలేదమ్మాయ్. పేరొద్దు, కానీ అది రాయి. రాస్తే ఇంకెక్కడా అట్టా తొందరపడవు."

నిజమే. బాధ అతనికని పైకి అంది గాని, దాచుకుంది తన సిగ్గుని. అది తెలిశాక ప్రత్యూషకి మండుటెండలో చెంపలు కాలాయి. అక్కడే బస్తాల మీద కాగితం పెట్టుకుని, చివర్లో పెన్నుతో రాసింది: 'నేను ఎవరినీ అడగకుండా రాసిన ఒక్క వాక్యం వల్ల, తప్పు చేయని మనిషికి ఒక రోజు పని పోయింది.'

నెట్ సెంటర్‌కి వచ్చేసరికి అయిదుకి పదకొండు నిమిషాలు. విజయ్ కుమార్ ఆ వాక్యం టైపు చేశాడు. పంపింది.

పన్నెండో రోజున విజయవాడ పిలిచారు. ఆడిట్ విభాగం చూసే ఇందిర అనే ఆవిడ ఎదురుగా లెటర్ల కట్ట ఉంది. ప్రత్యూషది పైన ఉంది.

"ఈ మిల్లు ఏది?"

"క్షమించండి మేడమ్. యజమానిని అడిగి చెబుతాను."

ఇప్పుడు వాళ్లు లేచి పొమ్మన్నా సరే అనుకుంది ప్రత్యూష.

"రేపు గోడౌన్లో మళ్లీ తక్కువ వస్తే?"

"ఎంత తక్కువో అంతవరకే రాస్తాను మేడమ్. ఎందుకో అడిగి, చూసి, తేలిందాకా ఎవరి మీదా రాయను."

ఇందిర కట్టని ఒక పక్కకి జరిపారు. "దొంగల్ని పట్టిస్తామని నూట పదిమంది రాశారు. దొంగ కానివాణ్ణి దొంగని చేయబోయానని రాసింది మీరొక్కరే," అన్నారు. "ఒకటో తారీఖున వచ్చి చేరండి."