ఇద్దరికీ ఒకటే పుట్టుమచ్చ

అజయ్ కుమార్ గేటు తీసుకొని వచ్చేసరికి నేను వరండాలో గోంగూర తుంచుకుంటున్నాను. ఒక్క మనిషికి అర కట్ట చాలు. నా భార్య అరుణకుమారి పోయినప్పటినుంచి ఆకుకూరలామె నేను అడక్కుండానే కట్టను రెండుగా చేసి సగమే ఇస్తుంది, సగానికే దుడ్లు తీసుకుంటుంది.

"సార్, గుర్తుండానా?"

గుర్తున్నాడు. ఆళ్లగడ్డ పక్క ఊరి హైస్కూల్లో నేను లెక్కలు చెప్పేవాణ్ని. పదకొండేళ్ల కిందట వీడిది నా పదో తరగతి. ఆ తరగతిలో అజయ్ కుమార్లు ఇద్దరు. ఇద్దరి నాయనల పేరూ గురుస్వామే. ఇంటిపేర్లు వేరు, చుట్టరికం లేదు. ఎత్తును బట్టి ఒకణ్ని పెద్ద అజయ్ అని, ఇంకొకణ్ని చిన్న అజయ్ అని పిలిచేవాళ్లం. వచ్చినవాడు చిన్న అజయ్. ఇప్పుడు నాకంటే పొడుగున్నాడు.

"కూర్చో నాయనా. ఏందీ, మొగమట్లుంది?"

"నా మీద దొంగతనం కేసుందంట సార్."

ఫోను తీసి చూపించాడు. బంగారం కుదువ పెట్టుకొని అప్పులిచ్చే కంపెనీలో వాడికి ఉద్యోగం వచ్చింది. నంద్యాల బ్రాంచిలోనే. చేర్చుకునే ముందు ఆ కంపెనీ ఒక ఏజెన్సీ చేత మనిషి పూర్వాపరాలు తనిఖీ చేయిస్తుంది. కోర్టు రికార్డుల్లో వెతికితే వీడి పేరు తగిలింది. 2019 మార్చి, ఆళ్లగడ్డ, మోటార్ సైకిల్ దొంగతనం. మూడో ముద్దాయి అజయ్ కుమార్, తండ్రి గురుస్వామి, వయసు ఇరవై. ఏడు రోజుల్లో ఆధారాలతో జవాబివ్వకపోతే ఉద్యోగం రద్దు. అందులో రెండు రోజులు అప్పటికే గడిచాయి.

"అది పెద్దోని కేసు సార్. ఊరంతా తెలుసు. ఆ ఏజెన్సీ ఆయప్ప ఇనడే."

"పేరు కలిస్తే ఏమైతుంది? ఈ పేరున్నోళ్లు ఊరికి పదిమంది ఉంటారు."

"పేరే అయితే వదిలేస్తుండ్రి సార్. పుట్టుమచ్చ కూడా కలిసిందంట."

నా చేతిలో గోంగూర కాడ అట్లాగే ఉండిపోయింది.

ఏజెన్సీ ఆఫీసు నంద్యాల బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పైన ఒకే గది. జీవన్ కుమార్ అనే ముప్పై ఏళ్ల మనిషి అందులో కూర్చొని ఉన్నాడు. నేను మాష్టారునని తెలియగానే తన కుర్చీ నాకిచ్చి తను స్టూలు మీద కూర్చున్నాడు.

"చూడండి సార్, ఉత్త పేరు పట్టుకొని మేమెవరినీ ముంచం. పేరు కలిస్తే తండ్రి పేరు చూస్తాం, ఊరు చూస్తాం, వయసు చూస్తాం. కోర్టు కాగితంలో పుట్టిన తేదీ ఉండదు, ఆధార్ నంబరు ఉండదు. ఈ కేసులో ఇంటిపేరు గూడా రాయల్యా. అందుకే మా లాయరు ఫైలు చూసొచ్చినాడు. అరెస్టు ఫారంలో గుర్తింపు చిహ్నమని ఒక గడి ఉంటుంది. ఎడమ ముంజేతి మీద పుట్టుమచ్చ అని ఉంది. ఇప్పుడు ఇది చూడండి."

చిన్న అజయ్ పదో తరగతి మెమో. గుర్తింపు చిహ్నాల దగ్గర మొదటిది, ఎడమ ముంజేతి మీద పుట్టుమచ్చ.

"నా చేతికి మచ్చ యాడుందన్నా?" అంటూ అజయ్ చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. మచ్చ లేదు.

"లేదప్పా, నాకు కళ్లుండాయి. కానీ నా కళ్లు రిపోర్టులో పెట్టలేను గదా. నీ సర్టిఫికెట్టే ఉందంటాంది. అది రాసిందెవరో వాళ్లనడుగు పో."

"రాసింది నేనే," అన్నాను.

జీవన్ కుమార్ లేచాడు. కిందికి కేకేసి మూడు టీలు చెప్పాడు.

పరీక్షలకు పిల్లల వివరాలు బోర్డుకు పంపేటప్పుడు ఒక్కొక్కరికి రెండు గుర్తింపు చిహ్నాలు రాయాలి. పిల్లల్ని పిలిచి, చేతులూ మెడా చూసి రాయాలి. ఆ సంవత్సరం నేను ఆ జాబితాను ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అరుణకుమారి రిజిస్టరు చూసి పేర్లు చదువుతుంటే నేను రాశాను. అక్షర క్రమంలో మొదటి ఇద్దరూ అజయ్ కుమార్లే. మొదటివాడైన పెద్ద అజయ్ చేయి బడిలో చూశాను. వాడిది రాసి, కింది వరుసలోనూ అదే దించేశాను. మిగతా నలభై మందికి తోచింది తోచినట్టు రాశాను.

"పిల్లోళ్లను చూసినావా?" అని అరుణకుమారి రిజిస్టరు మీద వేలు పెట్టి ఆగింది.

"ఎవరు చూస్తారే వాటిని," అన్నాను.

ఆమె తర్వాతి పేరు చదివింది.

టీ తాగుతూ జీవన్ కుమార్ ఏమేం కావాలో కాగితం మీద రాసిచ్చాడు. ఆ కేసులో ముద్దాయి వేరే మనిషని చూపే పత్రాలు. అరెస్టయి రిమాండులో ఉన్న రోజుల్లో చిన్న అజయ్ ఇంకెక్కడో ఉన్నట్టు రుజువు. మెమోలో గుర్తు తప్పు అని ఒప్పుకుంటూ, దాన్ని రాసినవాడి సంతకం. చిన్న అజయ్ ప్రమాణ పత్రం. "పోలీసుల దగ్గర సర్టిఫికెట్టు తెచ్చుకోవచ్చు గానీ ఐదు రోజుల్లో వస్తుందని నేను చెప్పలేను," అన్నాడు.

మరుసటి రోజు పొద్దున ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం.  దారిలో అజయ్, "అమ్మకింకా చెప్పల్యా సార్. చర్చిలో సాక్ష్యం గూడా చెప్పేసింది, కొడుక్కు ఉద్యోగమొచ్చిందని," అన్నాడు.

కోర్టు దగ్గర అడ్వకేట్ సుజాత కలిసింది. ఆమె అన్న మా బడి పిల్లవాడే. విషయం విని తల అడ్డంగా ఊపింది. "మీరు కేసులో లేనోళ్లు సార్. నకళ్లు కావాలంటే కారణం చూపి అఫిడవిట్ వేయాల. ఇప్పిస్తా గానీ, వారమో పది రోజులో పడ్తుంది. బేగా కావాలంటే ఒకటే దారి. చార్జిషీటు కాపీలు ముద్దాయికి ఊరికే ఇస్తారు. ఆ పిల్లోడి దగ్గరుంటాయి. పోయి అడగండి."

పెద్ద అజయ్‌ను అడగాలి. నేను.

ఆరేళ్ల కిందట వాడు బెయిలు మీద బయటికొచ్చి మా ఇంటికి వచ్చాడు. ఎరువుల అంగడిలో పనికి తీసుకుంటామన్నారు, మంచివాడని సార్ దగ్గర ఒక కాగితం తెమ్మన్నారు. నేను లోపలి గదిలో ఉన్నాను. పోలీసు కేసులో మనకెందుకని అరుణకుమారికి సైగ చేశాను. ఆమె బయటికి వెళ్లి సార్ లేరని చెప్పింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. అందుకేనేమో వాడిని వెంటనే పంపించలేక కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నేను తలుపు వెనకాల నిలబడి వాడు అన్నం తినే చప్పుడు విన్నాను.

పెద్ద అజయ్ నాలుగు రోడ్ల దగ్గర ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. బనగానపల్లె నుంచి మామిడికాయల పెట్టెలు తెచ్చి దించుతున్నాడు. మమ్మల్ని చూసి పెట్టె కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"సార్! మీరేంది ఈడ? ఏంరా చిన్నోడా, నాకంటే పొడుగైనావే!"

చిన్న అజయ్ చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. మిగిలింది నేను చెప్పాను. జాబితా సంగతీ, చూడకుండా రాసిన సంగతీ దాచలేదు.

వాడు ఎడమ చేయి తిప్పి చూసుకున్నాడు. మినపగింజంత మచ్చ, చెమటకు మెరుస్తూ ఉంది.

"మచ్చ నాది సార్. వానికి ఊరికే ఇచ్చేసినారు మీరు," అని నవ్వాడు. "అంతకంటే రెండు మార్కులు నాకిచ్చింటే లెక్కల్లో గట్టెక్కుతుంటి."

ఆటో సీటు కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. చార్జిషీటు, రిమాండు కాగితం, ఆధార్ జిరాక్సు. వాటి అడుగున రెండేళ్ల కిందటి కోర్టు తీర్పు. సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు.

"ఇది కొట్టేసినారా?" అన్నాను. నాకు తెలియదు. తెలుసుకోలేదు.

"కొట్టేసినారు సార్. అందుకే ఆటోలో పెట్టుకొని తిరుగుతాండా. ఎవరన్నా ఆపి అడిగితే చూపిద్దామని. ఎవరూ అడగరు. మాట్లాడకుండా పనిలోకి వద్దంటారు, అంతే."

ఆ కాగితాలు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక ముక్క రాసి సంతకం పెట్టాలన్నాను. జిరాక్సు షాపులో నిలబడి నేను చెప్పినట్టే రాశాడు. 'ఈ కేసులోని మూడో ముద్దాయిని నేనే.'  

"నాయనా, అప్పుడు నువ్వు ఇంటికొచ్చినప్పుడు..."

"అమ్మ చెప్పింది గదా సార్, మీరు ఊళ్లో లేరని. పప్పన్నం పెట్టె. ఊరగాయ రెండుసార్లు ఏసె." వాడు పెన్ను మూత పెట్టి నాకిచ్చాడు. "అమ్మ పోయిందని ఆలస్యంగా తెలిసె సార్. రాలేకపోతి."

ఆ రోజు నా చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి. వాటిని దాటకుండా మా ఇంట్లోకి రావడానికి వీల్లేదు.

మిగిలిన పనులు రెండు రోజుల్లో అయ్యాయి. రిమాండు కాగితం ప్రకారం మూడో ముద్దాయి మార్చి పదకొండు నుంచి రెండు వారాలు సబ్ జైల్లో ఉన్నాడు. ఆ రెండు వారాల్లో చిన్న అజయ్ నంద్యాలలో డిగ్రీ పరీక్షలు రాశాడు. హాల్ టికెట్టు వాడి తల్లి బైబిల్లో దాచి ఉంచింది. పరీక్షకు హాజరైనట్టు కాలేజీవాళ్లు ధ్రువీకరించారు. నోటరీ దగ్గర ప్రమాణ పత్రం అయింది. చివరిది నాది. 'నతానియేలు అను నేను, విద్యార్థులను పరిశీలించకుండా ఈ గుర్తు నమోదు చేశాను' అని రాశాను. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎన్నో సంతకాలు పెట్టాను. అంత నెమ్మదిగా ఏదీ పెట్టలేదు.

దాని కింద ఇంకో వాక్యం చేర్చాను. ఆ కేసులోని అజయ్ కుమార్‌ను కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది, తీర్పు నకలు జతచేశాను అని.

జీవన్ కుమార్ చదివి తలెత్తాడు. "కొట్టేసింది మా లాయరు చూడల్యా. అయినా ఇది అక్కరలేదు సార్. మనకు కావాల్సింది వాడు వీడు కాదని, అంతే."

"ఉండనీయప్పా."

ఆ వాక్యం కొట్టేస్తాడనుకున్నాను. కొట్టేయలేదు. తీర్పు నకలు కూడా కలిపి పిన్ను కొట్టాడు.

"మరి ఆ పెద్ద అజయ్‌కు కూడా ఇట్లా సరిచేయలేమా?" అని అడిగాను.

"సరిచేయడానికి తప్పేం లేదు గదా సార్. కేసు ఆయప్పదే. కొట్టేసినా రికార్డులో పేరుంటుంది. రేపు ఏ కంపెనీ అయినా ఆయప్ప పేరు పంపితే తీర్పు చూసి కొట్టేసిన కేసని రాస్తాం. తీసుకునేదీ లేనిదీ వాళ్లిష్టం. అసలు పేరు పంపేదాకా ఆయప్పను రానియ్యాల గదా."

గడువు చివరి రోజు మధ్యాహ్నం చిన్న అజయ్ ఫోను చేశాడు. కేసుతో సంబంధం లేదని తేలింది, సోమవారం చేరమన్నారు. సాయంత్రం తల్లి లూదియాను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె నా చేతులు పట్టుకొని దేవుడు మీ రూపంలో వచ్చినాడు సార్ అంది. కూర్చోమన్నాను. 

వాళ్లు వెళ్లాక తెల్ల కాగితం తీసుకొని రాశాను. గురుస్వామి కుమారుడు అజయ్ కుమార్ నా విద్యార్థి. మూడేళ్లు చూశాను. కష్టపడేవాడు, నిజం చెప్పేవాడు. చూశాను అన్న మాట దగ్గర కాసేపు ఆగాను.

సోమవారం ఆళ్లగడ్డ వెళ్లి ఇచ్చాను. పెద్ద అజయ్ ఆటో మీద చేయి ఆనించి మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"ఇప్పుడిది ఏం చేసుకోను సార్? ఆ ఎరువులంగడే మూసేసినారు."

 వాడు కాగితాన్ని మడవకుండా ప్లాస్టిక్ కవరులో తీర్పుకు ముందు పెట్టి సీటు కింద దాచాడు. పెట్టెలోంచి రెండు మామిడికాయలు తీసి నా సంచిలో వేశాడు.

"ఎండగా ఉంది, నీడలో నిలబడండి సార్," అన్నాడు. "నంద్యాల బస్సు ఇప్పుడే వస్తుంది."