తిరగబడ్డ సైజుల వరస

పూంగొడి షెడ్డు ఊడుస్తోంది. నిన్న రాలిన దారపు కొసల్నీ బనియన్ పీలికల్నీ మూలకు చేర్చి, తెల్లవి ఒక సంచిలో, రంగువి ఇంకో సంచిలో కుక్కుతోంది. పీలికలు కొనేవాడు మహా గట్టివాడు. తెల్లవాటిలో ఒక్క ఎర్ర ముక్క కనిపించినా మొత్తం సంచిని రంగు పీలికల ధరకే కట్టేస్తాడు. అందుకే కంపెనీకి బయల్దేరే ముందు ఈ పని ఆమే చేసుకుంటుంది, ఎవరికీ అప్పజెప్పదు.

తిరుప్పూరులో ఆ వీధి నిండా ఇలాంటి ఇళ్ళే. ముందు సంసారం, వెనక మిషన్లు. షెడ్డు చివర కోత బల్ల మీద నిన్న సాయంత్రం పరిచిన నీలం బట్ట పొర మీద పొరగా జానెడెత్తున ఉంది. అల్లిక బట్ట పరిచేటప్పుడు సాగుతుంది. రాత్రంతా వదిలేస్తే ఒళ్ళు ముడుచుకుని తన కొలతకు తను వస్తుంది. అప్పుడే కత్తి పెట్టాలి. పై పొర మీద చొక్కా ముక్కల గీతలున్న కాగితం, దాని మూలన ఒక చీటీ. ఏ సైజు ఎన్ని వంతులు కొయ్యాలో ఆ చీటీలో ఉంది.

బల్ల కింద ఊడ్చి నడుం ఎత్తినప్పుడు పూంగొడి కళ్ళు ఆ చీటీ మీద పడ్డాయి. రెండేళ్ళ సైజు ఐదు వంతులు. పన్నెండేళ్ళది ఒక్క వంతు.

చీపురు చేతిలోనే ఉండిపోయింది.

ఇది బంతాట చొక్కా. గుండె మీద పెద్ద అంకె. శాంపిల్ చూపించిన రోజు తెర మీద కనిపించిన విదేశీ కొనుగోలుదారు మనిషి నవ్వుతూ చెప్పింది, ఇది పెద్ద పిల్లల సరుకు, చంటివాళ్ళ సైజులు పేరుకు కొన్ని చాలు అని. మేనేజరు ఇళంగో పక్కన కూర్చుని ఆ మాట రాసుకున్నది, కంపెనీలో ఆర్డర్లు ఎక్కించే పూంగొడే.

నడుముకు దోపుకున్న ఫోను తీసి, కొనుగోలుదారు పంపిన ఆర్డరు తెరిచింది. మూడు రంగులు, ఆరు సైజులు. పైవరసలో సైజులు పన్నెండుతో మొదలై పది, ఎనిమిది, ఆరు, నాలుగు, చివరికి రెండు. పెద్దది ముందు, చిన్నది వెనక. ఆ కొనుగోలుదారు అలవాటు అది. మిగతా అందరూ చిన్నది ముందు రాస్తారు.

ఎక్కడ కాలు జారిందో అప్పటికప్పుడే తెలిసిపోయింది. కంపెనీ సిస్టంలో ఒక్కో కొనుగోలుదారు పేరు కింద వాళ్ళ సైజుల వరస ముందే పెట్టి ఉంటుంది. ఆ పేరుతో కొత్త ఆర్డరు తెరిస్తే గళ్ళు ఆ వరసలోనే వస్తాయి. ఆ రోజు పని మీద పని పడి, పూంగొడి కొత్తది తెరవలేదు. ఇలాంటి చొక్కాయే కుట్టించుకున్న ఇంకో కొనుగోలుదారు పాత ఆర్డరుకు నకలు తీసి, పైన పేరు మాత్రం మార్చింది. పేరు మారింది గానీ గళ్ళ వరస మారలేదు. అందులోకి అంకెలన్నీ ఒక్కసారిగా ఎత్తి అతికించింది. నీలం అడ్డంగా కూడితే సరిపోయింది. బూడిద రంగు సరిపోయింది. ఆకుపచ్చ సరిపోయింది. మొత్తమూ సరిపోయింది. తిరగేసినంత మాత్రాన కూడిక ఎందుకు తప్పుతుంది? సిస్టం సరేనంది.

ఇక అక్కణ్ణించి అన్నీ ఆ గళ్ళలోంచే పుట్టాయి. ఎంత బట్ట కావాలో లెక్క వచ్చింది. చిన్న చొక్కాలు ఎక్కువ కాబట్టి అనుకున్నదాని కంటే తక్కువ వచ్చింది. "బట్ట మిగిల్చావమ్మా, నీ చెయ్యి మంచిది," అని ఇళంగో సంతకం పెట్టేశాడు. మెడ దగ్గర కుట్టే సైజు చీటీలూ అలాగే వచ్చాయి. కోసి, కుట్టి, దారాలు తీసి ఇచ్చే పని ఈ షెడ్డుకు వచ్చింది. తప్పు అంతా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటూ ఇంటిదాకా నడిచొచ్చింది.

పెద్ద చొక్కాను చిన్నది చేయొచ్చు. చిన్నదాన్ని పెద్ద చేసేదెవరు? కోశాక మళ్ళీ బట్ట అద్దించాలి. రెండోసారి అద్దితే అదే నీలం వస్తుందన్న పూచీ లేదు. ఓడ తప్పిపోతే విమానంలో పంపాలి. ఆ ఖర్చు చూసి మూతపడ్డ కంపెనీలను ఆమె ఎరుగును.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. అది తలుపు మీద రాసి ఉంది, కాళియమ్మాళ్ గార్మెంట్స్ అని. కాళియమ్మాళ్ ఆమె అత్త. షెడ్డు నడిపేది మొగుడు తంగవేల్, ఆమె మామా అని పిలిచే మనిషి. ఉద్యోగుల చుట్టాలకు పని ఇవ్వకూడదని కంపెనీ నియమం. మిషన్లు ఖాళీగా ఉంటే చూడలేక ఆమే అత్త పేరును కంపెనీ పనిచ్చే షెడ్ల జాబితాలోకి ఎక్కించింది. కంపెనీలో ఎవరికీ తెలియదు. బావమరిదికి గుండీల కాంట్రాక్టు ఇప్పించిన స్టోరుకీపరును మధ్యాహ్నం భోజనం కూడా చేయనివ్వకుండా గేటు దాటించారు.

"ఏం తల్లీ, చీపురు పట్టుకుని దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు? మీ అత్త అప్పుడే లేచిందా ఏంటి?"

కోత మాస్టరు మారప్పన్. చెప్పులు బయట వదిలి, నవ్వుకుంటూ లోపలికి వచ్చి కరెంటు కత్తికి నూనె వేయడం మొదలుపెట్టాడు. "ఇవాళ షట్‌డౌన్. తొమ్మిదికి కరెంటు పీకేస్తే సాయంత్రం దాకా రాదు. ఈలోపు నీలం కోసి పారేస్తా."

పూంగొడి చీపురు గోడకు ఆనించింది. ఇప్పుడు ఆపమంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే తప్పు ఎవరిదంటాడు. మధ్యాహ్నానికి వీధంతా తెలుస్తుంది.

మారప్పన్ ప్లగ్గు పెట్టాడు. కత్తి జుయ్యిమంది.

"మాస్టరన్నా, ఆగండి!"

ముసలాయన ఉలిక్కిపడి మీట నొక్కి కత్తి ఆపేశాడు. "అమ్మ తల్లీ, వేలు పోయేది! ఏమైంది?"

"ఒక్క నిమిషం. మామతో మాట్లాడి వస్తాను. అంతదాకా కత్తి పెట్టకండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

తంగవేల్ వంటింటి గుమ్మంలో కూర్చుని సజ్జ అంబలి తాగుతున్నాడు. తల్లి పక్కన ఉల్లిపాయలు ఒలుస్తోంది. పూంగొడి నిలబడే చెప్పేసింది, దాచకుండా, గుక్క తిప్పుకోకుండా. సగంలోనే అతను గిన్నె కింద పెట్టేశాడు.

"కోసెయ్యమను," అన్నాడు చివరికి.

"మామా!"

"మన దగ్గర కంపెనీ ఆర్డరు కాగితం ఉంది. ఏ సైజు ఎన్నో అందులో ఉంది. కాగితంలో ఏది రాస్తే అది కోస్తాం. రేపు ఎవడైనా అడిగితే కాగితం మొహాన కొడతా. తప్పు కంపెనీది."

"కంపెనీ అంటే ఎవరు మామా? ఆ గళ్ళు నింపిన పేరు నాది. సిస్టంలో ఎప్పుడు నింపానో నిమిషంతో సహా ఉంటుంది."

"చదువుకున్న పెళ్ళాం కావాలి, చదువుకున్న పెళ్ళాం కావాలి అన్నావుగా," అంది కాళియమ్మాళ్ ఉల్లిపాయ మీంచి కళ్ళెత్తకుండా. "నేను వేలిముద్ర వేసినా ఎన్నడూ తలకిందులుగా వెయ్యలేదు."

"నువ్వు నోర్మూసుకోమ్మా! దీని ఉద్యోగం పోతుందని నాకు బెంగ లేదా? ఇది ఆపితే, ఎందుకు ఆగిందని అడుగుతారు. కొయ్యకముందే ఎలా కనిపెట్టావని అడుగుతారు. అప్పుడు షెడ్డూ పోతుంది. కోసేస్తే షెడ్డన్నా మిగులుతుంది." తంగవేల్ గొంతు తగ్గింది. "ఒకటన్నా మిగలనీ పూంగొడీ."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కోసి, సిస్టంలో కోత లెక్క ఎక్కిస్తే, ఆ కొనుగోలుదారు పేరు కింద ఆర్డరు ఒక మెట్టు ముందుకు జరుగుతుంది. గళ్ళు బిగుసుకుపోతాయి, ఇక దిద్దడానికి ఉండదు. ఆ తర్వాత ఎవరూ చూడరు, డబ్బాల్లో సర్దేరోజు దాకా. డబ్బా చీటీలు కొనుగోలుదారు ఆర్డరుతో పోల్చేది అప్పుడే. అప్పటిదాకా తను రోజూ ఆఫీసుకు వెళ్ళి, ఇళంగో పక్కన కూర్చుని, ఆ ఆర్డరు మెట్టు మెట్టుకూ జరగడం చూస్తూ ఉండాలి.

షెడ్డులోంచి మారప్పన్ కేకేశాడు. "తమ్ముడూ, కొయ్యమంటావా వద్దా? కరెంటాఫీసువాడు మీ ఆవిడ మాట వినడు!"

తంగవేల్ లేచాడు. కొయ్యమని చెప్పడానికే లేచాడని అతని భుజాలే చెప్పాయి.

పూంగొడి బొటనవేలు అప్పటికే ఫోను మీద కదులుతోంది. కంపెనీ యాప్. ఆర్డరు. ఆపు. కారణం రాయందే ముందుకు కదలనంది. చెమట వేలికి అంటుకుని అక్షరాలు తప్పుతుంటే చెరిపి మళ్ళీ రాసింది. సైజుల వరస తిరగబడింది, నింపింది నేనే, కొయ్యవద్దు. నొక్కింది.

తంగవేల్ జేబులో ఫోను కిచకిచమంది. ఆర్డరు ఆగినప్పుడు కుట్టే షెడ్డుకూ, స్టోరుకూ, మేనేజరుకూ ఒకేసారి కబురు వెళుతుంది. అతను తీసి చదివాడు. మొహంలో రంగు ఇగిరిపోయింది. ఆమె వంక చూడలేదు. షెడ్డు వైపు తిరిగి, "మాస్టరూ, ప్లగ్గు పీకెయ్యి," అన్నాడు.

కాసేపటికే ఆమె ఫోను మోగింది. ఇళంగో.

"పూంగొడీ, ఏంటిది? పొద్దున్నే నా గుండె ఆగేలా? కొనుగోలుదారు ఆర్డరు తెరిచి పక్కపక్కన పెట్టుకున్నా. మూడు రంగులూ తిరగబడే ఉన్నాయి. దేవుడా! బట్ట తక్కువొస్తే నిన్ను మెచ్చుకున్నాను కూడా. కోశారా?"

"లేదు సార్. పరిచారంతే."

"పరిచారంతే." అటు కాలిక్యులేటరు మీటలు నొక్కిన చప్పుడు. "సరే. ఉన్న బట్టతో పెద్ద సైజులు ముందు కోయించి, తగ్గింది ఇవాళే అద్దకానికి పంపితే... అదే తొట్టిలో ఇంకా నీలం ఉందేమో అడుగుతా. బతికాం అనను, చావలేదంతే." అంతలో అతనికి ఏదో తట్టింది. "షెడ్డులో పరిచిందీ కొయ్యనిదీ పొద్దున ఏడింటికి నీకెలా తెలిసింది?"

కాళియమ్మాళ్ చేతిలో ఉల్లిపాయ అలాగే ఉంది. తంగవేల్ వద్దన్నట్టు తల చిన్నగా ఊపాడు.

"నేను అక్కడే ఉన్నాను సార్," అంది పూంగొడి. "ఇది మా ఇల్లే."

అటునుంచి వచ్చిన గొంతులో ఇందాకటి ఆత్రం లేదు. ఆఫీసులో కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతు అది.

"నువ్వు ఇవాళ రావద్దు. షెడ్డు నడిపే మనిషిని పంపించు. ఆర్డరు కాగితం తీసుకుని రమ్మను. ముందు ఆయన నోటితో విని, తర్వాత నీ సంగతి ముదలాళితో మాట్లాడతా."

ఫోను పెట్టేశాడు. ముదలాళి అంటే కంపెనీ యజమాని. ఆయన దాకా వెళ్ళిన సంగతి తిరిగి రాదని కంపెనీలో అందరికీ తెలుసు.

"ఏమన్నాడు?" అంది కాళియమ్మాళ్. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదిప్పుడు. "నా పేరుంది కదే, పోలీసులొస్తారా?"

"మామను రమ్మన్నారు. కాగితంతో."

తంగవేల్ లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు. మేకుకు గుచ్చిన కాగితాల్లోంచి ఆ ఆర్డరు తీసి, తిరగబడ్డ గళ్ళున్న వైపు లోపలికి మడిచాడు. షెడ్డు తప్పేం లేదని చెప్పడానికి ఆ ఒక్క కాగితం చాలు. తప్పంతా పెళ్ళానిది, నాకేం తెలియదు అని చెప్పడానికీ చాలు. ఇద్దరం కలిసే చేశామని, అత్త పేరు తనకు తెలిసే జాబితాకెక్కిందని చెబితే మాత్రం ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

అక్కడ ఏం చెబుతావు మామా అని అడగాలనుకుంది పూంగొడి. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయమేసింది.

అతను కాగితాన్ని జేబులో పెట్టుకుని, బండి తాళం తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.