చివర మిగిలిన పది

హిమజ మంచం మీద దుప్పటి ముడతలు సరిచేసి, ఎనిమిది పేకముక్కలు వరసగా పరిచింది. అన్నీ ఇస్పేటు ముక్కలే. ఏడు, మూడు, తొమ్మిది, రెండు, ఆరు, పది, నాలుగు, ఎనిమిది. పేక భర్త హర్షది. సండూరు గనుల దగ్గర ఆయన లారీల డ్రైవర్లు లోడింగు కోసం కాచుకునే వేళల్లో ఆడి వదిలేసినది. అంచులకు ఖనిజం దుమ్ము పట్టి, ఎన్నిసార్లు తుడిచినా వేళ్లకు ఎర్రగా అంటుకుంటోంది.

బుధవారం పొద్దున బళ్లారిలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే బీసీఏ పిల్లలకు గెస్ట్ లెక్చరర్‌గా తీసుకుంటారు. ఎంసీఏ అయిపోయాక ఒక్క ఏడాది పాఠాలు చెప్పింది. పెళ్లయి అత్తగారి ఊరు కప్పగల్లు వచ్చి పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లలో ఆమె దగ్గర ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

"మర్జ్ సార్ట్ చెప్పండి. కంప్యూటరు వద్దు. బోర్డూ చాక్‌పీసూ ఉంటాయి, ఇంకేమైనా కావాలంటే మీరే తెచ్చుకోండి" అని ఆ కాలేజీ కంప్యూటర్ విభాగం పెద్ద సరోజినీదేవి ఫోన్లో చెప్పింది. చెదిరిన అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టే పద్ధతి అది. హిమజకు పేక తట్టింది.

కట్టను సగం చేయాలి. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఒక్కో ముక్క విడిగా మిగిలేదాకా అంతే. ఒకే ముక్క ఉన్న కట్టలో వరస తప్పే వీలు లేదు కదా. ఇక అక్కడి నుంచి వెనక్కి రావడం. పక్కపక్కనున్న రెండు కట్టల పైముక్కలు మాత్రం చూసి, చిన్నదాన్ని తీసి కొత్త కట్టలో పెట్టాలి. కింద ఏముందో వెతకనక్కర్లేదు. ఆ తీసిన ముక్కల్ని హిమజ ఒకదానిమీద ఒకటి బోర్లా పెడుతుంది. అయిపోయాక కట్ట మొత్తం తిప్పితే మొదట పెట్టిన చిన్నది పైకి వస్తుంది. అది చేతికి అలవాటైపోయింది. నోటితో చెప్పాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

"ఏడు, మూడు. ఏది చిన్నది?" అని గట్టిగా అడిగింది. "మూడు, మేడమ్" అని తనే గొంతు మార్చి జవాబు చెప్పింది. "మరి మూడు తీశాక?" "ఏడు ఒక్కటే ఉంది, పెట్టేయడమే మేడమ్." తను ఊహించుకున్న ఆ పిల్ల ఎప్పుడూ తప్పు చెప్పదు.

గుమ్మం దగ్గర అత్తగారు ప్రమీలమ్మ నిలబడి ఉంది.

"ఎవురితో మాట్లాడతాండావు?"

"ఎవరూ లేరత్తా. పాఠం. నువ్వు కాసేపు కూర్చో, నీకు చెప్పి చూస్తా."

"నాకా? పట్టపగలు మంచం మీద పేకాట పెట్టుకోని పాఠమంట. కాలేజీలో ఇదే నేర్పిస్తారా? ఊరికి మంచిదే, పిల్లోళ్లు తొందరగా బాగుపడతారు."

"పది నిమిషాలే."

"బర్రెకు నీళ్లు పెట్టాల. నువ్వు చెప్పుకో, నువ్వే ఇనుకో" అంటూ ప్రమీలమ్మ పెరట్లోకి వెళ్లిపోయింది.

హిమజ హర్షకు వీడియో కాల్ చేసింది. తెరమీద ఎర్రటి గుట్ట, దాని వెనక లోడరు చప్పుడు.

"చెప్పు హిమా, చెప్పు, వింటాండా."

"ఎనిమిది ముక్కలుండాయి, కనపడతాండాయా? వీటిని సగం చేస్తే..."

"ఏయ్, రివర్సు! రివర్సు తీయప్పా! ...ఆఁ, చెప్పు, సగం చేస్తే?"

"నాలుగు, నాలుగు."

"సరే కదా, అది నాకూ తెలుసు" అని నవ్వి, "ఆదివారం వస్తాలే, అప్పుడు నిదానంగా విందాం" అన్నాడు. పాఠం బుధవారం. ఆ మాట చెప్పేలోపే తెర మీద గుట్ట పోయి ఆమె ముఖమే మిగిలింది.

ఇక బుధవారం దాకా ఉన్న రెండు రోజులూ ఆమే చెప్పింది, ఆమే వింది.

బుధవారం కాలేజీలో అటెండరు చెన్నప్ప ఆమెను రెండో అంతస్తుకు తీసుకెళ్లి ఒక తరగతి గది తలుపు తెరిచాడు. అన్నీ ఖాళీ బెంచీలే.

"పిల్లలు?"

"పిల్లలు బర్తారా మేడమ్, ఎందుకొస్తారు! సెలవు కదా. మేడమ్ వాళ్లే పిల్లలు మాదిరి కూర్చుంటారు. మీరు భయపడొద్దు. వాళ్లూ వినరు" అని ఫ్యాను వేసి వెళ్లాడు.

వచ్చింది ఇద్దరే. సరోజినీదేవి కిటికీ పక్కన కూర్చుని సంతకాల ఫైలు తెరిచింది. లెక్కల లెక్చరరు బసవపున్నయ్య మొదటి బెంచీలో, బల్లకు ఎదురుగా కూర్చున్నాడు. "నేను స్టూడెంటును. మొద్దు స్టూడెంటును. తెలుగో కన్నడమో, ఇష్టమొచ్చింది మాట్లాడండి" అన్నాడు.

హిమజ ఎనిమిది ముక్కలూ బల్ల మీద ఆయన ముందు పరిచింది. ఆయన వాటిని ఒక చీటీ మీద రాసుకున్నాడు.

"మేడమ్, రమ్మీలో పదమూడు ముక్కలు చేతికొస్తే ఒక్కోటి తీసి సందులో దూర్చుకుంటాం. చిటికెలో పని. ఇంత తతంగం దేనికి?"

ఆ ప్రశ్న మంచం మీది పిల్ల ఎప్పుడూ అడగలేదు. 

"పదమూడైతే అదే మేలు సార్. పరీక్ష పేపర్లు రెండు వందలున్నాయనుకోండి. కొత్తగా వచ్చిన ప్రతి పేపరుకూ ముందే పేర్చినవాటిలో చోటు వెతకాలి, దాని తర్వాతివన్నీ జరపాలి. పేపర్లు రెండింతలైతే పని నాలుగింతలవుతుంది. సగాలు చేసి కలిపితే, రెండింతల కంటే కాస్త ఎక్కువ, అంతే."

సరోజినీదేవి ఫైలులోంచి తలెత్తింది.

హిమజకు ధైర్యం వచ్చింది. ఏడు, మూడు, తొమ్మిది, రెండు అనే ఎడమ సగాన్ని విడిగా తీసి, ఒక్కో ముక్క చేసింది. ఏడూ మూడూ కలిపింది: ముందు మూడు, దానిమీద ఏడు. ఎదుటివాళ్లకు కనపడాలి కదా అని ఈసారి బోర్లా పెట్టలేదు, వెల్లకిలా పెట్టింది. అలాగే రెండు, దానిమీద తొమ్మిది.

"ఇప్పుడు ఈ రెండు కట్టలూ కలుపుదాం. పైముక్కలే చూడాలి. ఏడు, తొమ్మిది. ఏది చిన్నది? ఏడు. తర్వాత మూడు, తొమ్మిది. ఏది చిన్నది? మూడు. ఆ కట్ట అయిపోయింది, మిగిలినవి అలాగే దించేస్తాం. తొమ్మిది, రెండు."

బసవపున్నయ్య చీటీ చూశాడు. బల్ల చూశాడు.

"మేడమ్, ఏడు, మూడు, తొమ్మిది, రెండు. మొదట ఎట్లుండాయో అట్లే ఉండాయి కదా! ఇంటినుంచి బయల్దేరి బళ్లారంతా తిరిగి మళ్లా ఇంటికే వచ్చినాం."

సరోజినీదేవి నవ్వింది. హిమజ బల్ల మీది ముక్కల వైపు చూసింది. ముక్కలన్నీ సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోవచ్చు. ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు కూడా. ఆ సంగతి తట్టగానే ఆమె అక్కడే నిలబడిపోయింది; ఇక్కడ అడిగే మనిషి ఒకరున్నారు.

ఆమె మూడు మీద ఏడు పెట్టి మళ్లీ చూసింది.

"తప్పు నాదే సార్. ఎక్కడో చూపిస్తా. రెండు కట్టల్లోనూ చిన్నది పైన ఉంటేనే, పైముక్కలు మాత్రం చూస్తే సరిపోతుంది. నేను వెల్లకిలా పెట్టుకుంటూ పోయా. చిన్నది అడుగున పడింది, పెద్దది పైకొచ్చింది. అడుగున ఇస్పేటు రెండు దాక్కుని ఉంటే, పైనున్న తొమ్మిదిని చూసి ఏడే చిన్నది అనుకున్నా. తీసినవాటిని బోర్లా పెట్టి, చివర కట్టను తిప్పాలి. ఇంట్లో అలాగే చేస్తాను. ఎందుకు చేస్తానో ఎవరికీ చెప్పలేదు, అందుకే ఇక్కడ మరిచిపోయాను."

ముక్కలు విడదీసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మూడు, ఏడు ఒక కట్ట. రెండు, తొమ్మిది ఒక కట్ట. రెండూ కలిపితే రెండు, మూడు, ఏడు, తొమ్మిది. కుడి సగం నాలుగు, ఆరు, ఎనిమిది, పదిగా కుదిరింది. చివరి కలయికలో రెండు, మూడు ఎడమ నుంచి వచ్చాయి. నాలుగు, ఆరు కుడి నుంచి. ఏడు ఎడమ, ఎనిమిది కుడి, తొమ్మిది ఎడమ. ఎడమ కట్ట ఖాళీ అయింది.

"ఇప్పుడు పది ఒక్కటే మిగిలింది. దాన్నేం చేయాలి? పోల్చడానికి ఎదురుగా ఏమీ లేదు కాబట్టి ఊరికే..."

"ఆగండి" అంది సరోజినీదేవి. ఫైలు మూసి లేచి వచ్చింది. "ఇక్కడిదాకా వచ్చారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. మీరు ప్రశ్న అడుగుతున్నారు, జవాబు మీరే చెబుతున్నారు. ఇందాకటి నుంచీ అంతే. ఏది చిన్నది, ఏడు. ఏది చిన్నది, మూడు. పాపం ఆయన నోరు తెరిచేలోపే అయిపోతోంది. ఈ పాఠం ఎవరికైనా చెప్పి చూశారా?"

"లేదండీ."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నారు" అంది హిమజ. పది ముక్కను సరిగ్గా జరిపింది.

"సరే. సార్‌ను అడగండి. అడిగి ఆగండి."

"సార్, పది ఒక్కటే మిగిలింది. ఏం చేయాలి?"

ఫ్యాను తిరుగుతోంది. బసవపున్నయ్య మొద్దు స్టూడెంటులాగే గడ్డం గోక్కున్నాడు. నోటిదాకా వచ్చిన జవాబును హిమజ మింగింది. ఎదుటి మనిషి ఆలోచిస్తుండగా ఊరుకోవడం ఎంత కష్టమో ఆమె ఇన్నేళ్లలో మరిచిపోయింది.

"పెట్టేయడమే మేడమ్. దానికి పోటీ ఎవురుండారు?" అన్నాడు చివరికి.

"అవును" అని ఆమె పదిని బోర్లా పెట్టి, కట్ట తిప్పి, పరిచింది. రెండు నుంచి పది దాకా.

"సోమవారం నుంచి రండి" అంది సరోజినీదేవి. "రెండో సంవత్సరం వాళ్లు. నలభైమంది. తప్పులు చూపించడానికి ఎవరూ లేరని ఇక మీకు బెంగ ఉండదు."

హిమజ బస్టాండులో హర్షకు ఫోన్ చేసింది. "ఏంది? వినపడటంలా. ఏమైంది, వచ్చినట్టా?" "వచ్చింది" అని రెండుసార్లు అరిచింది. "ఆఁ ఆఁ, తర్వాత చేస్తా" అన్నాడు. పక్కన నిలబడ్డ పండ్లామె మాత్రం, ఏ బస్సో వచ్చిందనుకుని, బుట్ట ఎత్తుకుని చుట్టూ చూసింది.

ఇంటికి చేరేసరికి ఎండ తగ్గింది. ప్రమీలమ్మకు చెప్పింది. "సంబళం ఎంతంట?" అని అడిగి, విని, "బస్సు చార్జీలకు చాలేమో" అని, కొంగు దులుపుకుంటూ, "మంచిదే" అంది. చెంబు తీసుకుని పెరట్లోకి నడిచింది.

హిమజ వంటింట్లోంచి కుర్చీ తెచ్చి మంచానికి ఎదురుగా వేసింది. ముక్కల వరస చెదరగొట్టి, ఈసారి తనకు కాకుండా కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎడమ నుంచి కుడికి వచ్చేలా పరిచింది. వరస తనకు తిరగబడి మొదట తడబడింది. ఎడమ సగమేదో కుడి సగమేదో పొరబడి, వేలు పెట్టి చూసుకుంది. సగం చేసింది. మళ్లీ సగం. ఒక్కోటి. వెనక్కి వచ్చింది. ప్రతి ముక్క దగ్గరా ఖాళీ కుర్చీని అడిగి, ఒక మనిషి ఆలోచించేంతసేపు ఆగింది. గొంతు మార్చి జవాబు చెప్పలేదు.

"ఇప్పుడు పది ఒక్కటే మిగిలింది. ఏం చేయాలి?"

పెరట్లో తొట్టిలోకి నీళ్లు పడుతున్న చప్పుడు. బర్రె తల విదిలించినట్టుంది, మెడగంట ఒక్కసారి మోగింది. హిమజ పది మీద వేలు ఆనించి, కుర్చీ వైపు చూస్తూ, ఆగాల్సినంతసేపూ ఆగింది. తర్వాత దాన్ని బోర్లా పెట్టి కట్ట తిప్పింది.