తలాపున అట్టపెట్టె

ఆ హాస్టల్ గదిలో మనుషులు ఇద్దరే. బొద్దింకలెన్నో, చిట్టెలుకలెన్నో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. ఇద్దరిలో చిన్నదాన్ని హాస్టలంతా ‘గాదె’ అని పిలిచేది. రెండో సంవత్సరం పిల్ల. దిండు గలేబులో పల్లీలు, పుస్తకాల వెనక బిస్కెట్లు, చెప్పుల డబ్బాలో ఖర్జూరాలు, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ ఏదో ఒకటి తగిలేది. నవ్వేవాళ్లు నవ్వుకోనివ్వండి గానీ, ఊరికే వచ్చిన అలవాటు కాదది. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో ఆఖరిది. ఆ ఇంట్లో పళ్లెంలో వదిలింది పరాయిది, దిండు కింద దాచుకున్నదే తనది. ప్రాక్టికల్స్ నుంచి ఆలస్యంగా వస్తే ఇక్కడ మెస్సు తలుపులు మూసేసి ఉండేవి. అలవాటు ఇంకాస్త ముదిరింది.

రెండోది ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. గాదె ఆమెను అక్కా అనే పిలిచేది. మడత నలగని దుప్పటి, మూత బిగించిన సీసా, తలగడ పక్కన ఇన్‌హేలర్. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఈ గదిలోకి వచ్చాక మరీ ఎక్కువైంది. తెల్లవారేసరికి లేచి కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి ఊపిరి కోసం వెతుక్కునేది. గాదె వీపు రాసేది, వేడినీళ్లు తెచ్చేది. రాయకేం చేస్తుంది పాపం, ఆ పిల్ల మనసు వెన్న. బుద్ధే లేదు.

వార్డెనమ్మ నెలకోసారి గదులు తనిఖీ చేసేది. గదిలో తిండి కనబడితే ఆవిడ ఊరుకునే రకం కాదు. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినబడగానే గాదె చేతికందిన పొట్లాన్నల్లా ఏదో ఒక సందులోకి తోసేసేది. ఎక్కడ తోసిందో సగం గుర్తుండేది కాదు.

పరీక్షలకు పదిహేను రోజులున్నాయనగా ఒక ఉదయం అక్క స్నానానికి వెళ్లింది. ఆమె కంచంలో బొద్దింక పాకడం గాదె కళ్లారా చూసింది. ఒళ్లు మండిపోయింది. అక్క తిరిగొచ్చేసరికి గది శుభ్రంగా ఉండాలనుకుంది. పక్క గదివాళ్ల దగ్గర బొద్దింకల స్ప్రే డబ్బా అడిగి తెచ్చి, మంచాల కింద, అల్మారాల వెనక, డబ్బా సగం అయ్యేదాకా కొట్టింది. కాసేపు గది మూసి ఉంచాలని డబ్బా మీద రాసుంటే కిటికీలు కూడా బిగించింది. చేసిన ఘనకార్యానికి సంతోషపడుతూ టిఫిను తినడానికి కిందికి వెళ్లింది. అక్కతో ఒక్క మాట చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

అక్క వచ్చి తలుపు తీసింది. ఆయాసం మొదలైంది. ఇన్‌హేలర్ గదిలోనే ఉంది. దానికోసం లోపలికి వెళ్లిన మనిషి మళ్లీ గుమ్మం దాటలేకపోయింది. ఉన్న జబ్బు చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటిపోటు. గాదె పైకొచ్చేసరికి అక్క నేల మీద ఉంది, పెదాలు నీలం తిరిగి ఉన్నాయి.

ఆసుపత్రిలో ముఖానికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. ఊపిరి దారికి వచ్చాక డాక్టరమ్మ చెప్పిన సంగతి గాదె జన్మలో మర్చిపోలేదు. స్ప్రే ఆఖరి దెబ్బ మాత్రమేనట. బొద్దింకల రెట్టలు, అవి విడిచిన పొరలు పొడై గాల్లో కలుస్తాయి, నెలల తరబడి ఆ పొడి పీలుస్తూనే ఈ అమ్మాయి ఇంత దూరం వచ్చిందట. గది బాగుపడేదాకా అందులో పడుకోవద్దంది. తిండి ఎక్కడ పెట్టుకుంటారని అడిగింది. అక్క గాదె వైపు చూసింది.

హాస్టల్లో కింద జబ్బు చేసినవాళ్ల కోసం ఒక గది ఉంది. అక్కను వారం రోజులు అందులో ఉంచుతానని వార్డెనమ్మ ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా పై గది బాగుపడకపోతే ఇంటికి తీసుకెళ్లిపోతానని అక్క అన్నయ్య ఫోన్లో తేల్చేశాడు. వెళ్తే పరీక్షలు లేవు, ఏడాది పోయినట్టే.

ఆ రోజు నుంచి గాదె నడుం వంచింది. దాచినవన్నీ బయటికి తీసింది. చీపురు పడితే పొడి లేస్తుందని తడిగుడ్డతోనే తుడిచింది. ఎలుకల కన్నాలు వేలు పట్టేంతే ఉన్నాయి, వాటిలో స్టీలు పీచు కూరింది. పురుగుల మందు పెట్టే మనిషి వచ్చి మూలల్లో, తలుపు బందుల్లో ఆవగింజంత మందు చుక్కలు పెట్టాడు. ఇక స్ప్రే కొట్టొద్దని, ఆ వాసన తగిలితే అవి మందు దగ్గరికి రావని గట్టిగా చెప్పి వెళ్లాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. నాలుగో రోజు అతను మళ్లీ వచ్చి టార్చి వేసి చూశాడు. చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పిల్ల బొద్దింకలు మాత్రం గోడవారన తిరుగుతున్నాయి.

“వీటికి వేరే తిండి దొరుకుతోందమ్మా. కడుపు నిండినది మందెందుకు ముడుతుంది? ఎక్కడో ఉంది, చూసుకోండి,” అన్నాడు.

గాదెకు కోపం వచ్చింది. తనవైపు గింజ కూడా లేదు. ఇక మిగిలింది అక్క వైపే. ఆ వైపు ఏముంటుంది, అద్దంలా ఉంటుంది. అయినా మంచం కిందికి దూరి, తలాపు దగ్గరున్న ట్రంకుపెట్టెను ఇవతలికి లాగింది.

దాని వెనక అట్టపెట్టె ఉంది. అట్ట మడతల్లో బొద్దింకలు కిక్కిరిసి ఉన్నాయి. ఉల్లిపొరల్లాంటి వాటి తోళ్లు, గోధుమరంగు గుడ్ల తిత్తులు అడుగంతా పరుచుకున్నాయి. ఓ మూల కాగితాలు కొరికి ఎలుక గూడు కట్టింది. మధ్యలో ఎలుక కొరికిన కవరు, అందులో బిస్కెట్లు, వేయించిన శనగలు. కవరు మూతికి తన జడ రిబ్బను, నీలంది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల కిందటి తనిఖీ. అక్క వైపు వార్డెనమ్మ ఎప్పుడూ వంగి చూడదని తోసింది. తోసి మర్చిపోయింది. అక్క తల దిండు మీద పెట్టే చోటికి ఆ పెట్టె జానెడు కిందుంది. తను పైన వీపు రాస్తుంటే కింద తను దాచిందే ఆమె ఊపిరికి అడ్డుపడింది. గాదె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

పెట్టెను పెద్ద సంచిలో వేసి మూతికట్టి పారేసింది. ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది, తిన్నగా కింది గదికి నడిచింది.

అక్క మంచం మీద చదువుకుంటోంది. గాదె నిలబడే మొత్తం చెప్పేసింది, రిబ్బను సంగతితో సహా. అక్క పుస్తకం మూసింది.

“నాకు తెలుసే,” అంది.

గాదెకు అర్థం కాలేదు.

“నువ్వు తోసిన రోజే చూశాను. తీసెయ్యమందామనుకున్నా. కానీ ఓసారి నిద్రలో దిండు కింద చెయ్యి పెట్టి తడుముకుంటూ ఏడ్చావు. ఆకలి చూసిన పిల్ల కదా, ఉండనీ అనుకున్నా. అది నా గొంతు పట్టుకుంటుందని నాకు మాత్రం ఏం తెలుసు? డాక్టరమ్మ చెప్పాక నువ్వే తీసేసి ఉంటావనుకున్నా.”

“అంత ఆయాసపడుతూ కూడా ఒక్క మాట అనలేదేంటక్కా?”

“అనాల్సింది. తప్పే.” అక్క పుస్తకం పక్కన పెట్టింది. “ఇకమీద ఆకలేస్తే దాచుకోకు. నన్ను లేపు.”

గాదె ఆమె పాదాల దగ్గర కూర్చుండిపోయింది.

మర్నాటి నుంచీ మందు చుక్కలు తరిగాయి. ఏడో రోజుకు గోడవారన చచ్చినవే తప్ప తిరిగేవి కనబడలేదు. అక్క పైకొచ్చింది. రెండు మంచాల మధ్య బల్ల మీద బిగుతు మూతున్న డబ్బా ఒకటే ఉంది, ఇద్దరిదీ. అక్క తన మంచం మీద తలాపు వైపే కూర్చుని, కళ్లు మూసుకుని నిండుగా ఒక శ్వాస తీసుకుంది. దగ్గు వస్తుందేమోనని గాదె ఊపిరి బిగబట్టి చూసింది.

దగ్గు రాలేదు. అక్క డబ్బా మూత తీసి గాదె వైపు జరిపింది. గాదె ఒక్క బిస్కెట్టు తీసుకుని, రెండోది దాచుకోకుండా, మూత బిగించింది.